ఒకే ముఖం, అయిదు రంగులు: ఫ్యామిలీ ఆల్బమ్‌లో ఒక మనిషిని ఒకేలా నిలబెట్టడం ఎలా?

ఆల్బమ్‌కి ఎంచిన ఫొటోల్ని ఒక్కొక్కటిగా చూస్తే ఏ తప్పూ కనిపించదు. రెండు ఫొటోలు ఎదురెదురు పేజీల్లో పడ్డప్పుడు మొదలవుతుంది చిక్కు. ఎడమ పేజీలో చామనచాయగా ఉన్న పెద్దావిడ కుడి పేజీలో పసుపు పచ్చగా ఉంటుంది, పేజీ తిప్పితే పాలిపోయి ఉంటుంది. ఒక ఫొటోలో కళ్లకింద ముడతలు లెక్కపెట్టొచ్చు, ఇంకో ఫొటోలో చర్మం ప్లాస్టిక్‌లా నున్నగా మెరుస్తుంది. ఇంట్లోవాళ్లు రంగుల శాస్త్రం చదువుకోకపోయినా సరే, చూడగానే 'ఇందులో ఆవిడ ఆవిడలా లేదు' అనేస్తారు. వాళ్లన్నది నిజమే. ఆ తేడా ఎక్కడి నుంచి వస్తుంది, అందులో ఎంత సరిచేయాలి, ఎంత వదిలేయాలి అన్నది కాస్త విడమర్చి చూద్దాం.

ముందు కారణం. కెమెరాకి చర్మం అసలు రంగు తెలియదు. చర్మం మీద పడి వెనక్కి వచ్చిన వెలుతురు ఒక్కటే దానికి అందుతుంది. ఆ వెలుతురు కిటికీదా, బల్బుదా, చెట్టునీడదా అన్నది ఆటో వైట్ బ్యాలెన్స్ ఫ్రేమ్ మొత్తాన్నీ చూసి ఊహిస్తుంది. వెనక పెద్ద నారింజ రంగు గోడ ఉంటే వెలుతురే నారింజ అనుకుని ఫొటోని నీలం వైపు లాగుతుంది, ఆ లాగుడులో ముఖమూ పోతుంది. ఎక్స్‌పోజర్ కథా ఇంతే. వెనక ఆకాశం తెల్లగా ఉంటే ముఖం నల్లబడుతుంది, వెనక చీకటైతే ముఖం తెల్లబోతుంది. ఫోన్‌ది ఇంకో దారి: ముఖాన్ని గుర్తుపట్టి, దాన్ని విడిగా వెలిగించి, కొన్నిసార్లు నునుపు కూడా చేసి చేతికిస్తుంది. ఇవన్నీ ప్రతి ఫొటోకీ విడివిడిగా జరుగుతాయి. పక్క ఫొటోలో ఏం చేశామో కెమెరాకి గుర్తుండదు కదా.

మన కన్ను ఒంటరి ఫొటోకి త్వరగా సర్దుకుపోతుంది. స్క్రీన్ నిండా ఒకటే ఫొటో ఉంటే, అందులోని పసుపుని 'సాయంత్రం వెలుతురు' అని ఖాతా కట్టి మిగతాది సరిగానే ఉందనిపిస్తుంది. పక్కన ఇంకొకటి పెడితే ఆ సర్దుబాటు కుదరదు. అందుకే ఒక్కో ఫొటో తెరిచి, బాగుందనిపించేదాకా స్లైడర్లు జరిపి, మూసేసి, ఇంకోటి తెరిచే పద్ధతిలో ఆల్బమ్ ఎప్పటికీ కలవదు. ఫొటో ఫొటోకీ కన్ను కొత్తగా మోసపోతుంది.

దేన్ని కలపాలి, దేన్ని వదిలేయాలి

చర్మం రంగు అని ఒక్క మాటలో అంటాం గానీ అందులో మూడు సంగతులున్నాయి. ఒకటి వెలుగు, అంటే ముఖం ఎంత తెల్లగా లేదా చీకటిగా పడింది అన్నది. రెండోది గాఢత, అంటే రంగు ఎంత చిక్కగా ఉంది అన్నది. మూడోది మొగ్గు: ఎరుపు వైపు వంగిందా, పసుపు వైపా, ఆకుపచ్చ వైపా. మూడింటినీ అన్ని ఫొటోల్లో సమానం చేయాలని కూర్చుంటే, చివరికి ఎండలో తీసిన ముఖమూ దీపం వెలుతురులో తీసిన ముఖమూ ఒకే అచ్చు గుద్దినట్టు ఉండి, వెనక సీన్‌కి అతకవు. కత్తిరించి అంటించినట్టు కనిపిస్తాయి.

నా లెక్కలో గట్టిగా పట్టుకోవాల్సింది మొగ్గుని. వెలుగుని మాత్రం ఆ సీన్‌కే వదిలేయాలి. గాఢత ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది, మరీ తేడా ఉంటేనే ముట్టుకోవాలి.

దీనికి కారణం చర్మంలోనే ఉంది. మనుషుల చర్మానికి రంగునిచ్చేవి ప్రధానంగా రెండే: గోధుమ రంగు మెలనిన్, రక్తంలోని ఎర్రని హిమోగ్లోబిన్. తెల్లవాళ్లయినా నల్లవాళ్లయినా ఈ రెండింటి పాళ్లు మారతాయి తప్ప కొత్త రంగేదీ వచ్చి కలవదు. అందుకే మనుషుల ఒంటిరంగుల మధ్య తేడా ఎక్కువగా వెలుగులోనూ గాఢతలోనూ ఉంటుంది, మొగ్గు మాత్రం ఎరుపుకీ పసుపుకీ మధ్య సన్నని పట్టీలోనే తిరుగుతుంది. వీడియోలకి రంగులు సరిచేసేవాళ్లు వాడే వెక్టర్‌స్కోప్ అనే రంగుల కొలమానం మీద చర్మం కోసం గీత ఒక్కటే ఉండటానికి కారణం ఇదే. ఎవరి ముఖమైనా సాధారణ వెలుతురులో ఆ గీత దగ్గరే పడుతుంది. ముఖం కాస్త చీకటిగా ఉంటే చూసేవాళ్లు 'నీడలో ఉన్నారు' అనుకుంటారు. అదే మొగ్గు తప్పిందంటే 'ఒంట్లో బాగోలేదా' అంటారు. పసుపుకి ఎక్కువ వంగితే కామెర్లు గుర్తొస్తాయి, ఆకుపచ్చకి వంగితే వాంతి చేసుకోబోతున్నట్టు ఉంటుంది, ఎరుపుకి వంగితే జ్వరం.

కొలవడం

కన్ను మోసపోతుందని తెలిశాక, కొలతని ఆసరాగా పెట్టుకోవడమే మిగిలింది. దీనికి RGB అంకెలు అంత అనువుగా ఉండవు, ఎందుకంటే వెలుగు మారితే మూడూ కలిసి మారిపోతాయి. Lab అంకెలు హాయి. ఇందులో L అంటే వెలుగు. a పెరిగితే ఎరుపు పెరిగినట్టు, తగ్గితే ఆకుపచ్చ వైపు జారినట్టు. b పెరిగితే పసుపు, తగ్గితే నీలం. ఫొటోషాప్‌లో ఇన్ఫో ప్యానెల్‌ని Lab Color కి మార్చుకుంటే కర్సర్ కింద ఉన్న అంకెలు కనిపిస్తాయి. లైట్‌రూమ్ క్లాసిక్‌లో హిస్టోగ్రామ్ మీద రైట్ క్లిక్ చేసి Show Lab Color Values ఎంచుకుంటే చాలు.

నేను చూసేది ఒక్క లెక్కే:

```
మొగ్గు = b / a
```

చర్మంలో రెండూ ప్లస్‌లోనే ఉంటాయి, మామూలుగా b కాస్త ఎక్కువ ఉంటుంది. ఈ నిష్పత్తి పెరిగితే ముఖం పసుపు లేదా ఆకుపచ్చ వైపు, తగ్గితే ఎరుపు లేదా గులాబీ వైపు జరిగినట్టు. రంగుల శాస్త్రంలో దీన్ని కోణంగా చెబుతారు. ఆల్బమ్ పనికి భాగహారం చాలు.

ఎక్కడ కొలుస్తామన్నది అంకెకంటే ముఖ్యం. ముఖమంతా ఒకే రంగు ఉండదు. ముక్కు, చెవులు, బుగ్గల మధ్యభాగం ఎర్రగా ఉంటాయి. నుదుటి మీద జిడ్డు మెరుపు ఉంటుంది, అక్కడ పడేది చర్మం రంగు కాదు, దీపం రంగు. గడ్డం కింద బట్టల రంగు ప్రతిఫలిస్తుంది. కంటి పక్కన, కణతకి కాస్త కింద ఉన్న చోటు చాలామందిలో నెమ్మదైన చోటు. అన్ని ఫొటోల్లోనూ అదే చోట, వెలుతురు పడే వైపే, మెరుపూ నీడా కాని మధ్యస్థమైన భాగంలో కొలవాలి. ఒక్క పిక్సెల్‌ని చూడకూడదు. ఫొటోషాప్ ఐడ్రాపర్‌లో శాంపిల్ సైజు 11 by 11 Average గానీ, ముఖం పెద్దగా ఉంటే 31 by 31 Average గానీ పెట్టుకుంటే రంధ్రాలూ నాయిస్ సగటులో కలిసిపోతాయి.

ఇక ఒక ఉదాహరణ. 60 దాటిన పెద్దావిడ, చామనచాయ, ఎడమ ముక్కుపుటం పక్కన పుట్టుమచ్చ. ఆల్బమ్‌లో ఆవిడ ముఖం బాగా కనిపించే ఫొటోలు అయిదు: కిటికీ పక్కన కూర్చున్నది, సాయంత్రం ఇంట్లో బల్బు కింద తీసింది, చెట్టునీడలో పచ్చగడ్డి మీద కూర్చున్నది, అందరూ నిలబడ్డ ఫ్లాష్ గ్రూప్ ఫొటో, మనవరాలి ఫోన్‌లో తీసుకున్న సెల్ఫీ.

వీటిలో ఒకదాన్ని ఆధారంగా పెట్టుకోవాలి. ఇక్కడ చాలామంది ముఖం తెల్లగా వచ్చిన ఫొటోని ఎంచుకుని మిగతావాటిని దాని దాకా లేపుతారు. అది మ్యాచింగ్ కాదు, మనిషిని మార్చడం. ఫొటోగ్రఫీకి ఈ జబ్బు పాతదే. ఫిల్మ్ రోజుల్లో ల్యాబులు ప్రింటు రంగులు సరిచూసుకోవడానికి కొడాక్ పంపిన 'షర్లీ కార్డ్' వాడేవి, దాని మీద దశాబ్దాల పాటు ఉన్నది తెల్లజాతి అమ్మాయి ముఖమే. ఆ ముఖానికి సరిపడేలా సర్దిన మెషీన్లలో ముదురు రంగు ముఖాలు వివరం పోయి వచ్చేవి. మనం ఆధారంగా పెట్టుకునే ఫొటో, ఆవిడని రోజూ చూసేవాళ్లు 'అచ్చం ఇలాగే ఉంటుంది' అనేది అయ్యుండాలి. మెత్తటి పగటి వెలుతురులో తీసింది దొరికితే అదే మంచిది. ఇక్కడ కిటికీ ఫొటో. కణత దగ్గర కొలిస్తే L 58, a 16, b 21 వచ్చిందనుకుందాం. మొగ్గు 1.3.

దీన్ని లైట్‌రూమ్ క్లాసిక్ డెవలప్ మాడ్యూల్‌లో Shift+R నొక్కి రిఫరెన్స్ వ్యూలో ఎడమవైపు కట్టేసి, మిగతావి కుడివైపు ఒక్కొక్కటే తెరవాలి. అలా చేస్తే కంటికి సర్దుకుపోయే అవకాశం ఉండదు.

బల్బు కింది ఫొటో

ఇందులో L 55, a 20, b 38. మొగ్గు 1.9. పసుపు బాగా ఎక్కేసింది, గాఢత కూడా పెరిగింది. టెంపరేచర్ స్లైడర్‌ని నీలం వైపు జరుపుతూ పోతే 1.3 దాకా తేవచ్చు. కానీ తేకూడదు. అది సాయంత్రం ఇంట్లో దీపం కింద తీసిన ఫొటో, ఆ వెచ్చదనం అందులో ఒక భాగం. పైగా వెనక కిటికీలోంచి బయటి వెలుతురు కాస్త కనిపిస్తోంది. బల్బుని తటస్థం చేసేసరికి ఆ కిటికీ ముదురు నీలమైపోతుంది. అందుకని మొత్తం ఫొటో మీద సగం దూరమే వెళ్లి, మిగతా కొంచెం ముఖం మీద మాస్క్ వేసి లాగాలి. a 17, b 26 దగ్గర, అంటే మొగ్గు 1.5 దగ్గర ఆగితే ముఖం వెచ్చగానే ఉంటుంది గానీ కామెర్లు వచ్చినట్టు ఉండదు. మాస్క్ వేసేటప్పుడు మెడనీ చేతుల్నీ మర్చిపోవద్దు. ముఖం ఒక రంగు, చేతులు ఇంకో రంగు అయితే అంతకు ముందే నయమనిపిస్తుంది.

ఇక్కడ ఒక హద్దు ఉంది. బల్బు వెలుతురులో నీలం చాలా తక్కువ కాబట్టి ఫొటోలో నీలం ఛానెల్ బక్కచిక్కి ఉంటుంది. దాన్ని పైకి లాగితే రంగుతో పాటు నాయిస్ కూడా పైకొస్తుంది. రా ఫైల్ ఉంటే ఇది చాలావరకు సర్దుకుంటుంది. జేపెగ్ అయితే, అందులోనూ మెసేజింగ్ యాప్‌లో తిరిగి తిరిగి వచ్చింది అయితే, బుగ్గల మీద మచ్చలు మచ్చలుగా రంగు తేలుతుంది. అది కనిపించగానే వెనక్కి తగ్గాలి. మొగ్గు 1.6 దగ్గర శుభ్రంగా ఉన్న ముఖం 1.4 దగ్గర మచ్చలతో ఉన్న ముఖం కంటే మేలు.

చెట్టునీడ ఫొటో

అయిదింటిలో ఎక్కువ తిప్పలు పెట్టేది ఇదే. చూడ్డానికి మాత్రం అన్నిటికంటే సహజంగా ఉంటుంది. L 56, a 9, b 20. మొగ్గు 2.2. బల్బు ఫొటో కంటే ఎక్కువ తప్పింది, కానీ చూడగానే పసుపనిపించదు, ఏదో నీరసంగా ఉందనిపిస్తుంది. చూడండి, b దాదాపు ఆధారం ఫొటోలో ఉన్నంతే ఉంది. పోయింది a, అంటే ఎరుపు. ఆకుల గుండా దిగిన వెలుతురూ గడ్డి మీంచి పైకి కొట్టిన వెలుతురూ ఎరుపుని మింగేశాయి. బల్బు ఫొటోలో పసుపు ఎక్కువై మొగ్గు తప్పింది, ఇక్కడ ఎరుపు తగ్గి తప్పింది. అంకెలు చూడకుండా రెండింటికీ టెంపరేచర్ స్లైడరే తిప్పితే, ఇక్కడ పసుపు తగ్గి ముఖం బూడిద రంగులోకి పోతుంది.

తిప్పాల్సింది టింట్ స్లైడర్, మెజెంటా వైపు. కానీ మొత్తం ఫొటో మీద తిప్పితే ఆవిడ పక్కన కూర్చున్నాయన తెల్లచొక్కా గులాబీ అయిపోతుంది. నుదురు దాదాపు బాగానే ఉండి, దవడ కింద, మెడ మీద ఆకుపచ్చ ఎక్కువుండటం గమనిస్తే జవాబు దొరుకుతుంది: ఈ పచ్చదనం కింది నుంచి వచ్చింది. కాబట్టి మొత్తం మీద టింట్ కొద్దిగా, తెల్లచొక్కా తెల్లగానే ఉన్నంతవరకు. ఆ తర్వాత గడ్డం నుంచి బుగ్గల సగం దాకా మెత్తగా పల్చబడే మాస్క్ వేసి, అందులో టింట్ ఇంకొంచెం. కణత దగ్గర a 14, b 20 వస్తే, మొగ్గు 1.4, చాలు. దవడ దగ్గర కూడా ఒకసారి కొలిచి చూడాలి. అక్కడ ఇంకా 2 దగ్గరే ఉంటే ముఖం రెండు ముక్కలుగా కనిపిస్తుంది.

ఫ్లాష్ గ్రూప్ ఫొటో

కిటికీ ఫొటో పక్కన పెడితే ఇదే అన్నిటికంటే వేరుగా ఉందనిపిస్తుంది. ఆవిడ తెల్లగా పాలిపోయి ఉంటుంది. కొలిస్తే L 70, a 13, b 16. మొగ్గు 1.2. అంటే రంగు దాదాపు సరిగానే ఉంది, తేడా అంతా వెలుగులోదే. కొలవకుండా కన్నునే నమ్ముకుంటే, పాలిపోయిందని ఆరెంజ్ గాఢత పెంచేవాళ్లు. దాంతో ముఖం రంగు పూసినట్టయ్యేది.

ముఖం మీద మాస్క్ వేసి ఎక్స్‌పోజర్ అర స్టాప్ లోపు తగ్గిస్తే L 64–65 దగ్గరికి వస్తుంది. 58 దాకా అక్కర్లేదు, ఫ్లాష్ ఫొటోలో ముఖాలు వెలిగే ఉంటాయి. ఆవిడ ఒక్కదాన్నే తగ్గిస్తే పక్కవాళ్ల మధ్య నల్లబడి కనిపిస్తుంది కాబట్టి గ్రూప్ మొత్తాన్నీ కలిపి తగ్గించడం న్యాయం. నుదుటి మీద ఫ్లాష్ మెరుపులో ఎరుపు ఛానెల్ 255 కొట్టేసిందేమో చూసుకోవాలి. చర్మంలో ముందుగా నిండిపోయేది ఎరుపే. అది ఆగిపోయి ఆకుపచ్చ, నీలం ఇంకా పెరుగుతుంటే ఆ చోటు పసుపుగా మారి తర్వాత తెల్లబోతుంది. హైలైట్స్ తగ్గిస్తే అక్కడ చర్మం తిరిగి రాదు, బూడిద రంగు బిళ్ల వస్తుంది. అలాంటప్పుడు మెరుపుని తగ్గించే బదులు, పక్క చర్మం రంగుని కొత్త లేయర్ మీద పల్చగా పూయడమే దారి.

సెల్ఫీ సంగతి రీటచింగ్ దగ్గర చూద్దాం, ఎందుకంటే దాని జబ్బు రంగు కాదు.

ఈ అంకెల్ని ఎంత దగ్గరగా కలపాలి అంటే, ఎదురెదురు పేజీల్లో ఉన్న ఫొటోలకి మొగ్గులో 0.2 తేడా లోపు ఉంటే ఎవరూ పట్టుకోరు. పది పేజీల దూరంలో ఉన్నవాటికి ఇంకాస్త ఎక్కువున్నా పర్లేదు. కాబట్టి రంగులు కలిపే ముందే ఏ ఫొటో ఏ పేజీలో అన్నది తేల్చుకుంటే సగం పని తగ్గుతుంది. ఒక్కోసారి రెండు ఫొటోల చోటు మార్చేస్తే అసలు పనే ఉండదు. పాత అచ్చు ఫొటోల స్కాన్లకి మాత్రం ఈ పద్ధతి పూర్తిగా పనిచేయదు. వాటిలో డైలు ఒక్కోటి ఒక్కోలా వెలిసిపోయి, నీడల్లో ఒక రంగు, వెలుగులో ఇంకో రంగు తేలుతాయి. వాటిని కర్వ్స్‌లో ఛానెల్ ఛానెల్‌గా సరిచేయాలి. లేదంటే పాతవాటిని పాతవిగానే విడి పేజీల్లో పెట్టాలి. నాకు రెండోదే నచ్చుతుంది.

రీటచింగ్: ఎంత శాతం అన్నది తప్పు ప్రశ్న

రంగు కలిశాక కూడా ఆవిడ ఇద్దరు మనుషుల్లా కనిపిస్తుంటే, కారణం నునుపు. దీనికి మామూలుగా అందరూ చేసేది, అన్ని ఫొటోలకీ ఒకే ప్రీసెట్ కొట్టడం: టెక్స్చర్ మైనస్ ఇంత, స్మూతింగ్ ఇంత శాతం. సెట్టింగ్ ఒకటే అయితే ఫలితం ఒకటే అవ్వాలి కదా అనిపిస్తుంది. అవ్వదు. ఎందుకో అచ్చులో ముఖం సైజు చూస్తే తెలుస్తుంది.

మనిషి ముఖం ఎత్తు సుమారు 20 సెంటీమీటర్లు. కిటికీ ఫొటో నిండు పేజీ, అందులో ముఖం 9 సెంటీమీటర్లు అచ్చవుతుంది. అచ్చులో అంగుళానికి 300 పిక్సెల్స్ చొప్పున అది దాదాపు 1,060 పిక్సెల్స్. గ్రూప్ ఫొటోలో ముఖం 1.5 సెంటీమీటర్లు, అంటే సుమారు 177 పిక్సెల్స్. ఇప్పుడు కంటి చివర ఒక మిల్లీమీటరు వెడల్పున్న ముడత తీసుకోండి. కిటికీ ఫొటోలో అది అయిదు పిక్సెల్స్ వెడల్పు, స్పష్టంగా కనిపిస్తుంది. గ్రూప్ ఫొటోలో ఒక్క పిక్సెల్ కూడా రాదు. అంటే గ్రూప్ ఫొటోలో సన్న ముడతల్ని సైజే చెరిపేసింది. దాని మీద మళ్లీ స్మూతింగ్ వేస్తే చెరిగేది ముడత కాదు, ముక్కు అంచూ పెదవి గీతా. ముఖం మైనపు ముద్దలా అయ్యేది అందుకే.

దీనికి రెండో వైపు కూడా ఉంది, దాన్ని చాలామంది పట్టించుకోరు. ఆవిడ కళ్లకింద నలుపు సన్నగీత కాదు, రెండు సెంటీమీటర్ల వెడల్పున్న మచ్చ. గ్రూప్ ఫొటోలో కూడా అది 18 పిక్సెల్స్ ఉంటుంది, చక్కగా కనిపిస్తుంది. సైజు తగ్గితే సన్న వివరాలు మాయమవుతాయి, పెద్ద ఛాయలు అలాగే ఉంటాయి. కాబట్టి కిటికీ ఫొటోలో కళ్లకింద నలుపుని సగానికి తగ్గించి, గ్రూప్ ఫొటోలో 'చిన్న ముఖమేగా' అని వదిలేస్తే, అక్కడ ఆవిడ అలసిపోయినట్టు, వయసు పెరిగినట్టు కనిపిస్తుంది. పెద్ద ఛాయల్ని (కళ్లకింద నలుపు, మూతి చుట్టూ ముదురు, బుగ్గల మీద ఎరుపు) అన్ని ఫొటోల్లోనూ ఒకే పాళ్లలో తగ్గించాలి. సన్న వివరాల్ని (ముడతలు, రంధ్రాలు, నూగు) అచ్చులో ముఖం పెద్దగా పడ్డ ఫొటోల్లో మాత్రమే ముట్టుకోవాలి. ముఖం మూడు సెంటీమీటర్ల లోపు అచ్చయితే వాటి జోలికి నేనైతే పోను.

ఫ్రీక్వెన్సీ సెపరేషన్ అలవాటున్నవాళ్లకి ఇది కొత్తగా ఉండదు, ఆ పద్ధతి పుట్టిందే ఈ రెండింటినీ విడదీయడానికి. అయితే అందులో గాసియన్ బ్లర్ రేడియస్‌ని అన్ని ఫొటోలకీ ఒకే అంకె పెట్టేస్తే మళ్లీ మొదటికొస్తుంది. ముఖం ఎన్ని పిక్సెల్స్ ఉందో దాన్నిబట్టి రేడియస్ మారాలి. 1,060 పిక్సెల్స్ ముఖానికి 7 బాగుందనిపిస్తే, అందులో సగమున్న ముఖానికి 3.5. గ్రూప్ ఫొటో దగ్గరికొచ్చేసరికి ఒకటికి అటూ ఇటూ అవుతుంది, ఇక విడదీసి ప్రయోజనం లేదు. ఈ లెక్కంతా తేలిక కావాలంటే ముందు ఫొటోల్ని అచ్చు సైజుకి తగ్గించుకుని, స్క్రీన్ మీద 100 శాతంలో చూస్తూ పనిచేయాలి. 300 శాతానికి జూమ్ చేసి చేసే రీటచింగ్ అంతా అచ్చులో ఎవరికీ కనపడని పని. కాదంటే అందరికీ కనపడే తప్పు.

ఏది తీయాలి, ఏది ఉంచాలి అన్నది మాత్రం ఫొటో ఫొటోకీ ఆలోచించకూడదు. మనిషికొక చీటీ రాసుకుని అన్నిటికీ అదే వాడాలి. ఈ పెద్దావిడ చీటీలో: ముక్కు పక్కన పుట్టుమచ్చ, నుదుటి మీద పాత గాటు, నవ్వినప్పుడు పడే గీతలు ముట్టుకోకూడదు. ఆ వారం లేచిన పొక్కు, కళ్లజోడు నొక్కిన గుర్తు పూర్తిగా తీసేయాలి. కళ్లకింద నలుపు సగానికి తగ్గించాలి. ఆల్బమ్‌లో ఇరవై ఏళ్ల ఫొటోలుంటే చీటీ కూడా వయసుని బట్టి మారాలి. 40 ఏళ్ల ముఖానికీ 60 ఏళ్ల ముఖానికీ ముడతలు సమానం చేయడం ఆల్బమ్ అనే మాటకే విరుద్ధం. స్పాట్ హీలింగ్ బ్రష్ చేతిలో ఉన్నప్పుడు పుట్టుమచ్చలు పొక్కులతో పాటు కొట్టుకుపోవడం మామూలే. ఒక పేజీలో ఉండి ఇంకో పేజీలో లేని పుట్టుమచ్చని ఇంట్లో చిన్నపిల్లలు కూడా పట్టేస్తారు.

ఇప్పుడు సెల్ఫీ. మొదట చూడాల్సింది పుట్టుమచ్చ ఏ వైపుందని. కొన్ని ఫోన్లు ముందు కెమెరాతో తీసిన ఫొటోని అద్దంలో కనిపించినట్టే తిప్పి దాస్తాయి. మచ్చ ఆవిడ కుడి ముక్కుపుటం పక్కన ఉన్నట్టు కనిపిస్తే, పాపిడి కూడా మారి ఉంటే, ఫొటోని అడ్డంగా తిప్పేయాలి. రంగు కలిసి, నునుపు కలిసి, అయినా 'ఏదో తేడాగా ఉంది' అనిపించే సెల్ఫీల్లో చాలాసార్లు సంగతి ఇదే.

రెండోది, బ్యూటీ ఫిల్టర్. అది చెరిపేసిన చర్మాన్ని తిరిగి తెచ్చే స్లైడర్ ఏదీ లేదు. క్లారిటీ, టెక్స్చర్ పెంచితే కనుబొమలూ వెంట్రుకలూ గరుకవుతాయి, బుగ్గలు నున్నగానే ఉంటాయి. చేయగలిగింది కొంచెమే: అచ్చు సైజుకి తెచ్చాక ముఖం మీద సన్నని గ్రెయిన్ చల్లితే ప్లాస్టిక్ మెరుపు విరుగుతుంది, ఫొటోని చిన్న సైజులో పెడితే నునుపు సహజంగా కలిసిపోతుంది. ముఖం మూడు సెంటీమీటర్ల లోపు ఉండేలా పెడితే మిగతా ఫొటోలకీ దీనికీ తేడా తెలియదు. దవడ సన్నబడి, కళ్లు పెద్దవైన సెల్ఫీ అయితే ఈ తంటా కూడా వద్దు, ఇంకో ఫొటో వెతుక్కోవాలి. అన్నిటికంటే చెడ్డ పని, సెల్ఫీకి మ్యాచ్ అవ్వాలని మిగతా నాలుగు ఫొటోల్నీ అంత నునుపు చేయడం. చాలా ఆల్బమ్‌లలో మైనపు ముఖాలు అలాగే పుట్టాయి.

అచ్చుకి ముందు

ఫైళ్లన్నీ ఒకే కలర్ ప్రొఫైల్‌లో ఉన్నాయో లేదో చూడాలి. కొన్ని ఫోన్ల ఫొటోలు Display P3 లో వస్తాయి, కెమెరావి sRGB లోనో Adobe RGB లోనో ఉంటాయి. ప్రొఫైల్‌ని పట్టించుకోని సాఫ్ట్‌వేర్ చేతిలో పడితే P3, Adobe RGB ఫొటోల్లో చర్మం రక్తం లేనట్టు వెలవెలబోతుంది. స్క్రీన్ మీద మనం కలిపిన రంగు అక్కడ విడిపోతుంది. ల్యాబ్ వేరే చెప్పకపోతే అన్నిటినీ sRGB కి కన్వర్ట్ చేసి పంపడం క్షేమం. అసైన్ ప్రొఫైల్ కాదు, కన్వర్ట్ టు ప్రొఫైల్. మొదటిది అంకెల్ని అలాగే ఉంచి రంగుని మార్చేస్తుంది, రెండోది రంగుని ఉంచి అంకెల్ని మారుస్తుంది.

తర్వాత అయిదు ముఖాల్నీ కత్తిరించి, ఒకే సైజులో, బూడిద రంగు పట్టీ మీద వరసగా పేర్చి, ఆల్బమ్ వేసే కాగితం మీదే ఒక టెస్ట్ ప్రింట్ తీయించాలి. స్క్రీన్ మీద కూడా ఇలాంటి పట్టీ చూసుకోవచ్చు, అయితే నైట్ లైట్ లాంటివి ఆపేసి, బ్రైట్‌నెస్ మరీ ఎక్కువ లేకుండా చూసుకోవాలి. ప్రింటుని కిటికీ దగ్గర ఒకసారి, రాత్రి ఇంట్లో దీపం కింద ఒకసారి చూడాలి. అయిదు ముఖాలూ ఒకే వైపు జరిగి, అంటే అన్నీ కాస్త ఎర్రగానో అన్నీ కాస్త చీకటిగానో ఉంటే, అది ప్రింటరు తేడా గానీ మన మానిటర్ తేడా గానీ అయ్యుంటుంది. ఫొటోల్ని విడివిడిగా ముట్టుకోకుండా మొత్తం ఆల్బమ్‌కి ఒకే సవరణ వేయాలి. నాలుగు కలిసి ఒక్కటే విడిగా నిలబడితే, ఆ ఒక్క ఫొటో దగ్గరికి వెళ్లి మళ్లీ కణత దగ్గర కొలిచి చూడాలి. పగలు కలిసిన ముఖాలు దీపం కింద కూడా అలాగే కలిసి ఉంటే ఇక ఫైళ్లు పంపేయొచ్చు.